రెండు పేజీల రాజీనామా

బ్యాంకు ఉద్యోగం మానేస్తున్నానని నేను రాసిన మొదటి ఉత్తరం రెండు పేజీలు. అది ఇప్పుడు ఎక్కడా లేదు. బ్యాంకు దస్త్రాల్లో ఉన్నది రెండో ఉత్తరం, మూడు వాక్యాలది. అందులో నా పేరు, ఉద్యోగి నంబరు, మూడు నెలల నోటీసు ఇస్తున్నానన్న మాట, ఒక కృతజ్ఞత తప్ప ఏమీ లేదు. పోయిన ఉత్తరమే నాకు ఎక్కువగా గుర్తొస్తుంటుంది. దాన్ని నర్సీపట్నంలో మా అక్క ఇంట్లో, వంటింటి పక్కనున్న బల్ల దగ్గర, నాలుగు రోజులు కూర్చుని రాశాను.

అప్పటికి నేను ఒక ప్రభుత్వ బ్యాంకు ముంబయి కార్యాలయంలో కరెన్సీ డీలర్‌ని. ఆ పని గురించి అడిగినవాళ్ళకు ఇలా చెప్పేదాన్ని: మా శాఖల్లో ఎక్కడైనా ఒక ఖాతాదారుడికి డాలర్లు కావాల్సి వస్తే, లేదా వచ్చిన డాలర్లు అమ్ముకోవాల్సి వస్తే, ఆ శాఖవాళ్ళు మా గదికి ఫోన్ చేస్తారు. మేం రేటు చెబుతాం. అటువైపు నుంచి "సరే" అంటే ఆ మాటే ఒప్పందం. మేం అమ్మిన డాలర్లను మళ్ళీ వేరే బ్యాంకుల దగ్గర కొనుక్కోవాలి. ఈలోగా రేటు కదిలితే లాభమో నష్టమో మాది. సాయంత్రానికి చేతిలో ఎన్ని డాలర్లు ఉండొచ్చో దానికో హద్దు ఉంటుంది. హద్దు దాటితే మర్నాడు సంజాయిషీ రాయాలి.

ఆ గదిలోకి సెల్‌ఫోన్లు తీసుకురాకూడదు. బయట లాకర్లో పెట్టి రావాలి. బల్ల మీద ఫోన్లన్నీ రికార్డవుతాయి. ఉదయం తొమ్మిదికి మార్కెట్ తెరుచుకునే ముందు రెండు నిమిషాలు గదంతా నిశ్శబ్దంగా ఉండేది. పేపరు గ్లాసుల్లో టీ చల్లారిపోతుండేది. తొమ్మిది కొట్టగానే పదిమంది ఒకేసారి మాట్లాడేవాళ్ళు. అంకెలు, పైసలు, కొంటే "నాది", అమ్మితే "నీది" అన్న కేకలు. మొదటి వారం నాకు తలనొప్పి వచ్చింది. తర్వాత ఆ గోల లేకపోతే తోచేది కాదు. పండగ సెలవులకు ఇంట్లో ఉన్నప్పుడు కూడా తొమ్మిదయ్యేసరికి ఒళ్ళు దానంతటదే నిటారుగా అయ్యేది.

నర్సీపట్నంతో నా సంబంధం అంతకంటే పాతది. మాది ఎస్. రాయవరం దగ్గర పల్లె. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను నర్సీపట్నం శాఖకు వేశారు. అక్క అప్పటికే అక్కడ హైస్కూల్లో లెక్కల టీచరు. రెండున్నరేళ్ళు అక్క ఇంట్లో ఉండి, పొద్దున్నే కాలినడకన శాఖకు వెళ్ళేదాన్ని. పంట రుణాలు, బంగారం రుణాలు, బెల్లం వ్యాపారుల చెక్కులు. శాఖలో ఒక్క కిటికీ దగ్గరే గాలి వచ్చేది. ఆ కిటికీ పక్క కుర్చీ కోసం సీనియర్లు పొద్దున్నే బేగి వచ్చేసేవారు. నాకు ఎప్పుడూ ఫ్యాను కింద, కాగితాలు ఎగిరిపోయే చోటే దక్కేది.

జీడిపిక్కల మిల్లు షావుకారు నాకు అక్కడే పరిచయం. మాకవరపాలెం దారిలో ఆయన మిల్లు. చుట్టుపక్కల తోటల్లో, కొయ్యూరు కొండల్లో పండే పిక్కలు వేసవిలో మూడు నెలలు వస్తాయి. మిగతా ఏడాదంతా మిల్లు ఖాళీగా ఉంటే పనిచేసే ఆడవాళ్ళు వేరేచోటికి వెళ్ళిపోతారు. అందుకని ఆయన ఆఫ్రికా నుంచి పిక్కలు తెప్పించడం మొదలుపెట్టాడు. వాటికి డాలర్లలో డబ్బు కట్టాలి. ఆయన మొదటిసారి డాలరు రేటు అడగడానికి శాఖకు వచ్చిన రోజున, దాన్ని ఎక్కడ అడిగి తెలుసుకోవాలో నాకూ తెలీదు. విశాఖలోని మా పెద్ద శాఖకు ఫోన్ చేసి, వాళ్ళు ముంబయికి చేసి, మళ్ళీ మాకు చెప్పేలోపు రేటు మారిపోయింది.

"ఇదేటమ్మా, పచ్చి సేపలా ఉంది. సూస్తుండగానే పాడైపోతంది," అన్నాడాయన.

నేను నవ్వాను. కానీ ఆ రోజే ఆ ముంబయి గది ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఆ తర్వాత ఇంకొన్ని శాఖల్లో పనిచేసి, పరీక్ష రాసి, ఎంపికై, అక్కడికే వెళ్ళాను.

వెళ్ళిన నాలుగో ఏడు ఒక మధ్యాహ్నం విశాఖ శాఖవాళ్ళు ఖాతాదారుణ్ణి లైన్లో కలిపారు. పెద్ద మొత్తమైతే అలా కలపడం మామూలే. నేను రేటు చెప్పబోతుండగా అటువైపు గొంతు, "అమ్మా, మీరేనా? నర్సీపట్నం బేంకులో ఉండీవోరు?" అంది. రికార్డయ్యే ఫోను. "అవునండి, రేటు తీసుకోండి," అన్నాను పొడిగా. ఆయన తీసుకున్నాడు. అప్పటి నుంచి ఏడాదికి నాలుగైదు సార్లు ఆ గొంతు వినిపించేది. ప్రతిసారీ రేటుకు ముందు ఒక్క మాట వేరేది అడిగేవాడు: అక్కడ వానలా, తిండి సరిపడుతోందా అని. నేను ఎప్పుడూ "బాగున్నానండి, రేటు తీసుకోండి," అనే చెప్పేదాన్ని. పక్క సీట్లోని సహోద్యోగి ఆ మాటని నాలాగే పలికి ఏడిపించేవాడు.

మూడు నెలల తర్వాత కట్టాల్సిన డాలర్లకు ఈరోజే రేటు ఖాయం చేసుకోవచ్చు. ఆయన ఎప్పుడూ అలాగే ఖాయం చేసుకునేవాడు. డాలరు పెరిగినా ఆయనకు దెబ్బ తగిలేది కాదు. ఆ పని సరిగ్గా చేశానన్న తృప్తి నాకు చాలా ఏళ్ళుండేది.

డీలర్లకు ఏడాదికోసారి తప్పనిసరి సెలవు ఇస్తారు. ముందు చెప్పరు. ఒక సాయంత్రం పిలిచి, రేపటి నుంచి పది పనిదినాలు రావద్దంటారు. ఆ రోజుల్లో మన బల్ల దగ్గర ఇంకొకరు కూర్చుంటారు. మనం ఏదైనా దాచి ఉంటే అప్పుడు బయటపడుతుందని ఆ ఏర్పాటు. నేను ఉద్యోగం మానేసిన ఏడు ఆ సెలవు పిక్కల కాలం అయిపోయిన తర్వాత, మొదటి వానలకు వచ్చింది. విశాఖలో దిగి, బస్సెక్కి, అక్క ఇంటికి చేరాను. మూడో రోజు ఊరికే అలా మిల్లు వైపు వెళ్ళాను.

మిల్లులో పిక్కలు ఉడికిన వాసన. ఆ వాసన వేరే ఎక్కడా ఉండదు, కాస్త ఘాటుగా, కాస్త తియ్యగా. షెడ్డులో సగం బల్లలు ఖాళీగా ఉన్నాయి. మిగతా సగంలో ఆడవాళ్ళు చేతులకు నూనె రాసుకుని పిక్కలు పగలగొడుతున్నారు. షావుకారు నన్ను చూసి లేచి, కుర్చీ తుడిచి, "రండమ్మా, రండి. గొంతు తప్పా మనిషిని సూసి ఎన్నేళ్ళయింది!" అన్నాడు. ఆయన జుట్టు పూర్తిగా నెరిసిపోయింది.

కాసేపు మంచీ చెడ్డా మాట్లాడుకున్నాక నేనే అడిగాను, బల్లలు ఖాళీగా ఉన్నాయేమని.

"దెబ్బయిపోనానమ్మా," అన్నాడు. "పిక్కలు కొన్నప్పుడొక రేటు. ఓడ వొచ్చేసరికి అక్కడ కొత్త పంట ఇరగబడి పండీసింది. రేటు పడిపోయింది. పక్క మిల్లోళ్ళు సవగ్గా తెచ్చుకున్నారు. పప్పు కొనీవోళ్ళు ఆ రేటుకే నా పప్పూ అడుగుతున్నారు."

"డాలరు ఖాయం చేసుకున్నారు కదండీ?"

"డాలర్ని మీరు కట్టీసేరు. అది కదల్లేదు. పిక్కల రేటుని ఎవులు కడతారు?"

ఆయన నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అడిగాడు. ఇన్నేళ్ళూ ఆయన ఇంటికి ఒక తలుపు గడియ పెట్టి, రెండో తలుపు ఉందని కూడా చూడకుండా వెళ్ళిపోయానని అప్పుడు తెలిసింది.

జీడిపిక్కలను ముందుగానే రేటు ఖాయం చేసి కొని అమ్ముకునే ఎక్స్చేంజి మన దేశంలో లేదు. పసుపుకు ఉంది, రాగికి ఉంది, పిక్కలకు లేదు. అంటే ఏ పని చేసినా ఒప్పందాల్లోనే చేయాలి. ఆయన దగ్గర పాత క్యాలెండరు కాగితం తీసుకుని వెనకవైపు రాయడం మొదలుపెట్టాను. ఏడాదికి కావాల్సిన పిక్కలు ఒకేసారి కొనకుండా నాలుగు సార్లుగా కొనాలి. కొన్న ప్రతిసారీ, అదే వారంలో, వాటి నుంచి వచ్చే పప్పులో సగానికి కొనేవాళ్ళతో రేటు ముందే మాట్లాడేసుకోవాలి. అప్పుడు ఓడ దారిలో ఉండగా రేటు పడినా సగం సరుకుకు దెబ్బ తగలదు. మిగతా సగం మీ ధైర్యం, అని చెప్పాను.

రెండు గంటలు మాట్లాడాను. వానొచ్చి వెలిసింది. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మీ బేంకు సెప్పదా?" అని అడిగాడు.

"చెప్పదండీ. సరుకు రేటు మీ వ్యాపారం అంటుంది."

"మరి మీరు సెప్పీండి. ఊరికే వొద్దు, ఫీజు పుచ్చుకోండి."

బ్యాంకు ఉద్యోగి బయట ఆ పని చేయకూడదని చెప్పి లేచాను. వచ్చేటప్పుడు ఆయన పప్పు పొట్లం ఇవ్వబోతే అది కూడా తీసుకోలేదు. ఆటోలో కూర్చున్నాక, ముంబయిలో ఎన్ని వందల ఒప్పందాలు చేసినా, ఆ రెండు గంటల్లో ఉన్నంత కుదురుగా నేను ఎప్పుడూ లేనని అనిపించింది.

ఆ సాయంత్రమే ఉత్తరం మొదలుపెట్టాను. ఇంగ్లీషులోనే రాశాను, బ్యాంకుకు కదా. మొదటి పేరాలో నర్సీపట్నం శాఖ, ఆ ఫ్యాను కింద కుర్చీ. తర్వాత డీలింగు గది నాకేం నేర్పిందో రాశాను. తప్పు చేస్తే దాచకుండా అదే నిమిషంలో చెప్పడం అక్కడే నేర్చుకున్నాను. తర్వాత మిల్లు షావుకారి కథంతా, పేరుతో సహా. చిన్న మిల్లులకు, రైతు సంఘాలకు సరుకుల రేట్ల నుంచి రక్షణ ఎలాగో చెప్పే చిన్న సంస్థ పెట్టుకుంటానని, అందుకే వెళ్తున్నానని రాశాను. చివర ఆ గదిని వదలడం కష్టంగా ఉందని ఒక వాక్యం. దాన్ని మూడుసార్లు కొట్టేసి మూడుసార్లు మళ్ళీ రాశాను.

అక్క చదివింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది రాజీనామాలా లేదే. ఎవులికో క్షమాపణ సెప్పుకున్నట్టుంది," అంది. తర్వాత, "నీ సర్వీసెంతయింది?" అని అడిగింది.

"పద్దెనిమిదేళ్ళ పది నెలలు."

లెక్కల టీచరుకు ఎక్కువసేపు పట్టలేదు. "ఇరవై నిండితే స్వచ్ఛంద పదవీ విరమణ రాసుకోవొచ్చు. పెన్షనొస్తాది. ఇప్పుడు రాజీనామా సేస్తే అదేటీ రాదు. పద్నాలుగు నెలలు ఆగలేవేటే?"

"ఆగితే ఆగొచ్చక్కా."

"మరి?"

"పద్నాలుగు నెలలూ రోజూ పొద్దున్నే లేచి పెన్షన్ కోసమే వెళ్తున్నానని నాకు తెలుస్తుంది కదా. ఆ బల్ల దగ్గర అలా కూర్చోవడం నాకిష్టం లేదు."

అక్క కాగితాలు మడిచి నాకిచ్చేసి వంటింట్లోకి వెళ్ళింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర మాత్రం, "పైన గది ఖాళీగానే ఉంది. ఆఫీసు పెట్టుకుంటే అద్దె ఇవ్వాలి మరి. ఊరికే ఇవ్వను," అంది. అది ఒప్పుకోవడమని నాకు అర్థమైంది.

సెలవయ్యాక పనిలో చేరిన రోజు ఉదయం తొమ్మిదికి ముంబయిలో నా బల్ల దగ్గర కూర్చున్నాను. ఉత్తరం సంచిలో ఉంది. మధ్యాహ్నం ఇద్దామనుకున్నాను. కానీ పదిన్నరకు మా అధిపతి గదిలో ఒక్కరే కనబడితే లేచి వెళ్ళి ఇచ్చేశాను. ఆయన తమిళుడు, మితభాషి. పన్నెండేళ్ళు ఆయన కిందే పనిచేశాను. ఉత్తరంలో మొదటి రెండు వాక్యాలు చదవగానే చదవడం ఆపేసి, "ఇప్పుడు మీ చేతిలో ఎన్ని డాలర్లున్నాయి?" అని అడిగారు.

"ఇరవై లక్షలు కొని ఉన్నాను సార్. మధ్యాహ్నం అమ్ముదామని."

ఆయన ఫోన్ తీసి నా పక్క సీటు సహోద్యోగిని పిలిచి, ఆ ఇరవై లక్షల్నీ అతని లెక్కలోకి తీసుకుని అమ్మేయమన్నారు. ఇంకో ఫోన్ చేసి నా పాస్‌వర్డు ఆపేయమన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "కూర్చోండి. మీరు మళ్ళీ ఆ బల్ల దగ్గరికి వెళ్ళకూడదు," అన్నారు.

ఆ నియమం నాకు తెలియంది కాదు. వెళ్ళిపోతానన్న డీలరు ఇక మార్కెట్లో చేయి పెట్టకూడదు. ఇద్దరు ముగ్గురి విషయంలో నేనే చూశాను. అయినా నా విషయంలో మూడు నెలలు ఉంటాయని, రోజుకొకరికి వీడ్కోలు చెప్పుకుంటానని ఎందుకో అనుకున్నాను. అద్దం తలుపు అవతల నా ఫోను మోగింది. పక్క సీటతను ఎత్తి రేటు చెప్పాడు. పన్నెండేళ్ళు నాతో రోజూ మాట్లాడిన బ్రోకర్లకు నేనెందుకు లేనో ఆ రోజు ఎవరూ చెప్పి ఉండరు.

సార్ అప్పుడు ఉత్తరం మొత్తం చదివారు. మెల్లగా, రెండు పేజీలూ. చదివి, "బాగా రాశారు. కానీ ఇది నేను తీసుకోలేను," అన్నారు.

"ఎందుకు సార్?"

"ఇందులో ఒక ఖాతాదారు పేరుంది. ఆయన నష్టం ఉంది. ఆయన ఏ రేటుకు డాలర్లు కొన్నారో ఉంది. ఈ కాగితం సిబ్బంది విభాగానికి వెళ్తుంది, అక్కడి నుంచి ఇంకో నాలుగు బల్లలు తిరుగుతుంది. ఆయన రహస్యం అలా తిరగడానికి వీల్లేదు."

పద్దెనిమిదేళ్ళు ఖాతాదారుల విషయం బయట ఎక్కడా అననిదాన్ని, చివరి కాగితంలో ఆ తప్పు చేశాను. ఆయన తెల్లకాగితం, కలం నా ముందుకు తోశారు. "ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. దీన్నే మూడు నెలల నోటీసుగా తీసుకోండి. సహకరించిన అందరికీ కృతజ్ఞతలు. ఇంతే రాయండి. కారణం రాయక్కర్లేదు." రాశాను. ఆయన దాని మీద తేదీ, టైము వేసి సంతకం చేశారు. పెన్షన్ సంగతి తెలుసు కదా అని ఒక్కసారే అడిగారు. తెలుసన్నాను.

మొదటి ఉత్తరాన్ని తీసుకుని ఆయనే మూలన ఉన్న కాగితాలు చించే యంత్రం దగ్గరికి వెళ్ళారు. మొదటి పేజీ వేశారు. రెండో పేజీ వేయబోయి, చివరి వాక్యం మళ్ళీ చదివినట్టున్నారు. "నాకూ ఈ గదిని వదలడం కష్టంగానే ఉంటుంది," అని, వేసేశారు.

మూడు నెలలు శిక్షణ విభాగంలో ఒక మూల గదిలో కూర్చున్నాను. కొత్త డీలర్ల కోసం పాఠాలు తయారుచేయమన్నారు. డీలింగు గది రెండంతస్తుల పైన. ఉదయం లిఫ్టులో వాళ్ళతో పాటే ఎక్కి నేను ముందే దిగిపోయేదాన్ని. చివరి రోజు పక్క సీటు సహోద్యోగి కిందికి వచ్చి, "ఆ ఇరవై లక్షల్లో డాలరుకు మూడు పైసలు లాభం వచ్చింది. మధ్యాహ్నం దాకా ఉంచి ఉంటే ఏడొచ్చేది," అని చెప్పాడు. అప్పుడు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నర్సీపట్నం వచ్చాక కూడా వెంటనే పని మొదలవలేదు. ఎక్స్చేంజి సరుకుల మీద ఫీజు తీసుకుని సలహా చెప్పాలంటే నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్ట్రేషను ఉండాలి. దానికి పరీక్షలు, కాగితాలు. అది చేతికి వచ్చేదాకా ఎవరి దగ్గరా ఫీజు పుచ్చుకోకూడదనుకున్నాను. అక్క మేడ మీద గదిలో కూర్చుని, ఆమె స్కూలు పిల్లల్లాగే పరీక్షలకు చదివాను. షావుకారు ఒకసారి వచ్చి గది చూసి, "నా మాట ఇని ఉజ్జోగం వొదిలీసేరేటమ్మా?" అని కంగారుపడ్డాడు. కాదండీ అని ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ కంగారుతోనే కాబోలు, ఏడాదిపాటు మళ్ళీ రాలేదు.

రిజిస్ట్రేషను వచ్చాక మొదట పిలిచింది కొయ్యూరు వైపు కొండ ఊళ్ళవాళ్ళు. పసుపు పండించే కుటుంబాలన్నీ కలిసి సంఘం పెట్టుకున్నారు. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి గదిలో పోశారు. ఎవరో ఎక్స్చేంజిలో ముందుగా అమ్ముకుంటే మంచి రేటు ఖాయమవుతుందని వాళ్ళకు చెప్పారు. నేను సరుకు చూశాను, ఎంతుందో అడిగాను. అక్కడ ఒక్కో ఒప్పందం ఐదు టన్నులు. వీళ్ళ పసుపు ఆ లెక్కకు సరిపోదు, ఆ గ్రేడుకూ కుదరదు. అమ్మిన తర్వాత రేటు పెరిగితే, ఆ తేడా ఎప్పటికప్పుడు జమ చేస్తూ ఉండాలి. అంత డబ్బు వాళ్ళ చేతిలో లేదు. ఎక్స్చేంజి జోలికి వెళ్ళొద్దని, మసాలా కంపెనీలతో సగం సరుకుకు ముందే రేటు రాయించుకోమని చెప్పాను.

సంఘం పెద్దామె నవ్వింది. "వొద్దని సెప్పడానికేటి మేడమ్, ఇంత ఘాటీ ఎక్కి వొచ్చేరు?"

"అవునమ్మా. అది కూడా నా పనే."

ఆ సగానికి రేటు రాయించుకున్నారు. రాయించుకునేటప్పుడు కాగితం మీద ప్రతి మాటా ఆమె నాతో రెండుసార్లు చదివించుకుంది. నా మొదటి ఫీజు అక్కడిదే.

రెండో ఏడు షావుకారు వచ్చాడు. క్యాలెండరు కాగితం జేబులోంచి తీయలేదు, అది పోయిందన్నాడు. మళ్ళీ రాశాను. ఆ ఏడు ఆయన నాలుగుసార్లుగా పిక్కలు కొన్నాడు, కొన్న ప్రతిసారీ సగం పప్పు ముందే అమ్మాడు. ఈసారి రేటు పడలేదు. దీపావళికి మిఠాయిలవాళ్ళు ఎగబడి కొంటే పప్పు రేటు పెరిగింది. ముందే అమ్మేసిన సగానికి ఆ పెరుగుదల ఆయనకు దక్కలేదు.

మెట్లెక్కి వస్తున్నప్పుడే ఆయన కోపం వినబడింది. "మీ మాట ఇని సగం అమ్మీసేను. పక్కమిల్లోడు పండగ సేసుకుంటన్నాడు!" అన్నాడు కూర్చోకుండానే.

"పోయినసారి రేటు పడినప్పుడు ఎవరి మిల్లులో బల్లలు ఖాళీ అయ్యాయో మీకు గుర్తుందా?" అని అడిగాను.

"వోడివి కాదమ్మా, నావి ఖాళీ అయిపోనాయి."

"ఈ ఏడు?"

బల్లలన్నీ నిండే ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. నేనింకా ఏదో చెప్పబోయి ఆగాను. రేటు మన వైపు కదిలినప్పుడు రక్షణ అనవసరం అనిపిస్తుంది. అది మాటలతో పోయేది కాదు. ఆయన వెళ్ళిపోతే వెళ్ళిపోనీ అనుకున్నాను, నిజం చెప్పాలంటే భయం కూడా వేసింది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాడు. "వొచ్చే ఏడు సగం వొద్దు," అన్నాడు గ్లాసు పెట్టి. "మూడో వొంతు సేద్దాం."

"నలభై శాతం," అన్నాను.

"సూద్దాం. ముందు మూడో వొంతుకి కాగితం రాసీండి. నలభై సంగతి తర్వాత." ఫోను మోగితే ఎత్తి, మిల్లు దగ్గరికి లారీ వచ్చిందని విని, బేగి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నేను కొత్త కాగితం తీసి మూడో వంతుకు లెక్క రాయడం మొదలుపెట్టాను.